చైనా నుంచి తెప్పించే పాలిషింగ్ బ్లాకులకు సేఫ్టీ స్టాక్ ఎంత ఉంచాలి? ఓడ ఎప్పుడొస్తుందో తెలియడం లేదు

మడికొండ_అబ్రేసివ్స్ | సోమవారం, ఉదయం 9:20

అందరికీ నమస్కారం. మాది మడికొండలో గ్రానైట్ పాలిషింగ్ సామాన్ల దుకాణం. వరంగల్, కరీంనగర్, ఖమ్మం వైపు ఉన్న పాలిషింగ్ యూనిట్లు మా దగ్గర ఫికర్ట్ బ్లాకులు కొంటాయి. సరుకు చైనాలోని షియామెన్ రేవు నుంచి చెన్నైకి ఓడలో, అక్కడి నుంచి లారీలో వస్తుంది.

బ్లాకు గరుకుదనాన్ని బట్టి గ్రిట్లు చాలా ఉంటాయి, లెక్క సులువుగా ఉండాలని 120 గ్రిట్ ఒక్కటే చెబుతాను. వారానికి సగటున 40 పెట్టెలు పోతాయి. ఒక వారం 28, మరో వారం 52 అన్నట్టు మామూలుగా అటూ ఇటూ సుమారు 12 తేడా ఉంటుంది. దాదాపు ఎనిమిది వారాలకు ఒక ఆర్డరు పెడతాం. ఇటీవలి 12 లోడ్లకు ఆర్డరు పెట్టిన రోజు నుంచి గోదాములో దించిన రోజు వరకు ఎన్ని వారాలు పట్టిందో వరుసగా రాస్తున్నాను: 9, 10, 9, 10, 9, 14, 10, 9, 15, 10, 9, 16.

పెట్టె ఇక్కడికి చేరేసరికి రూ. 6,000 పడుతుంది. షియామెన్ నుంచి చెన్నైకి 18 రోజులే అని ఫార్వర్డర్ ప్రతిసారీ చెబుతారు. ఈ సరుకుకు చేతిలో అదనంగా ఎంత నిల్వ ఉంచడం న్యాయం?

స్టాక్_రిజిస్టర్ | సోమవారం, ఉదయం 10:05

దీనికి మా సంస్థలో ఏళ్ల తరబడి వాడుతున్న పద్ధతి ఉంది. ఆర్డరు నుంచి గోదాము దాకా పట్టే కాలమే లీడ్ టైమ్. అత్యధిక వాడకాన్ని అత్యధిక లీడ్ టైమ్‌తో గుణించి, అందులోంచి సగటు వాడకం, సగటు లీడ్ టైమ్‌ల లబ్ధాన్ని తీసేయాలి. మీకు బాగా ఎక్కువ అమ్మిన వారం ఎంత?

మడికొండ_అబ్రేసివ్స్ | సోమవారం, ఉదయం 10:30

ఒకసారి 65 పోయాయి.

స్టాక్_రిజిస్టర్ | సోమవారం, ఉదయం 10:41

అయితే 65 × 16 = 1,040. సగటున 40 × 11 = 440. తేడా 600 పెట్టెలు. ఇంత ఉంచితే ఏ ఓడ ఎంత ఆలస్యమైనా మీకు భయం లేదు.

జమాఖర్చు | సోమవారం, మధ్యాహ్నం 12:15

600 పెట్టెలంటే 36 లక్షల రూపాయలు, అదీ ఒక్క గ్రిట్‌కే. ఫికర్ట్ వరుసలో ఎన్ని గ్రిట్లు ఉంటాయో అన్నిటికీ ఇలాగే ఉంచితే ఆ దుకాణం బ్యాంకు వడ్డీ కోసమే నడవాలి. దిగుమతి చేసుకునే చాలా మంది ఖాతాలు నేను చూస్తాను. చాలా చోట్ల డబ్బు ఇరుక్కుపోయేది ఇలాంటి భయపు నిల్వల్లోనే.

సరుకు_సముద్రం | సోమవారం, రాత్రి 8:50

స్టాక్_రిజిస్టర్ గారి పద్ధతిలో ఒక మంచి సంగతి ఉంది. అది లీడ్ టైమ్ తేడాను వదిలేయదు. చాలా మంది అమ్మకాల తేడానే చూసి ఓడను మరచిపోతారు. అయితే 65 పెట్టెల వారం ఎప్పుడో ఒకసారి వస్తుంది. వరుసగా పదహారు వారాలూ 65 చొప్పున పోవడం, అదే సమయానికి ఓడ కూడా పదహారు వారాలు తీసుకోవడం జరగదు. రెండు విపరీతాలు ఒకేసారి వస్తాయని లెక్కవేసినందువల్ల 600 వచ్చింది.

వాడుకలో ఉన్న సూత్రం ఇది:

```
SS = z × √(L × σd² + d² × σL²)
```

d వారపు సగటు అమ్మకం, 40. σd దాని తేడా, 12. L సగటు లీడ్ టైమ్. మీ 12 లోడ్ల సగటు 10.8 వారాలు, 11 అనుకుందాం. σL లీడ్ టైమ్ తేడా. ఆ 12 అంకెలను ఎక్సెల్‌లో B2 నుంచి B13 వరకు వేసి `=STDEV.S(B2:B13)` అని అడిగితే 2.6 వస్తుంది. నూటికి 95 సార్లు సరుకు అందాలనుకుంటే z విలువ 1.65.

మొదటి భాగం, అంటే అమ్మకాల వల్ల వచ్చేది: 11 × 144 = 1,584. రెండో భాగం, అంటే ఓడ వల్ల వచ్చేది: 1,600 × 6.76 = 10,816. కూడితే 12,400. దాని వర్గమూలం 111. 1.65తో గుణిస్తే 184 పెట్టెలు.

184 కంటే ఆ రెండు భాగాల పరిమాణాన్ని గమనించండి. అమ్మకాల అంచనాను ఎంతో మెరుగుపరచి 12 తేడాను 6కు తగ్గించారనుకుందాం. అప్పుడు సేఫ్టీ స్టాక్ 175 అవుతుంది. అంత శ్రమకూ తగ్గేది 9 పెట్టెలు. అదే లీడ్ టైమ్ తేడాను 2.6 నుంచి 1.5 వారాలకు తేగలిగితే 119కి దిగుతుంది. దూరపు సముద్ర సరుకులో బరువంతా ఓడ వైపే ఉంటుంది. వారం వారం అమ్మకాలు చూసుకుని కంగారు పడేవారు ఇది గుర్తించాలి.

ఇక 18 రోజుల మాట. అది ఓడ నీటి మీద ఉండే కాలం మాత్రమే. మీకు 9 వారాలు పట్టిన లోడ్లలో ఫ్యాక్టరీ తయారీకి నెల, ఓడలో చోటు దొరికే వరకు వారం పది రోజులు, సముద్రం మీద ఆ 18 నుంచి 20 రోజులు, రేవులో క్లియరెన్సుకు వారం లోపు, లారీకి రెండు మూడు రోజులు పోయి ఉంటాయి. మీరు ఆర్డరు రోజు నుంచి గోదాము రోజు వరకు కొలవడం సరైన పని.

జమ్మికుంట_స్ప్రేయర్లు | సోమవారం, రాత్రి 9:35

నేను బ్యాటరీ స్ప్రేయర్లు తెప్పిస్తాను. పత్తి రైతులు జులై నుంచి సెప్టెంబరు దాకా కొంటారు. నిరుడు నా కంటైనర్ ఆగస్టు చివర వచ్చింది. సగం సరుకు మిగిలిపోయింది. ఈ సూత్రంలో నా అంకెలు వేస్తే ఎంత ఉంచాలో చెబుతారా?

సరుకు_సముద్రం | సోమవారం, రాత్రి 10:10

అన్నా, మీ సమస్య వేరు. మడికొండ వారికి ఏడాది పొడవునా ఒకే తీరుగా అమ్మకం ఉంటుంది. మీకు సరుకు చేరాల్సిన గడువు తేదీ ఉంది. మీకు ఎక్కువ పెట్టెలు అక్కరలేదు, ముందు తేదీ కావాలి. జూన్ 15కల్లా గోదాములో ఉండాలంటే, మామూలుగా 10 వారాలు పట్టే సరుకు అప్పుడప్పుడు 15 పడుతుంటే, ఆర్డరు మార్చి మొదటి వారంలోనే వెళ్లాలి. ఎక్కువ తెప్పిస్తే, ఆలస్యమైనప్పుడు మిగిలేది ఇంకా పెరుగుతుంది. ఎంత తెప్పించాలన్నది మిగిలిన సరుకు మీద మీరు పోగొట్టుకునేదానికీ, అమ్ముకోలేకపోయిన సరుకు మీద వదులుకునే లాభానికీ మధ్య లెక్క. దానికి వేరే చర్చ పెట్టండి, తప్పక రాస్తాను.

హార్బర్_పత్రాలు | మంగళవారం, ఉదయం 7:45

చెన్నైలో క్లియరింగ్ పని చేస్తాను. ఒక మాట అడగాలి. ఆ 14, 15, 16 వారాల లోడ్లు ఎక్కడ ఆగాయి? మూడింటినీ కలిపి 'ఆలస్యం' అనేస్తే మీకు ఏమీ తెలియదు.

మడికొండ_అబ్రేసివ్స్ | మంగళవారం, ఉదయం 9:10

పాత మెయిళ్లు తిరగేశాను. 14 వారాల లోడు సింగపూర్‌లో ఓడ మారాల్సింది. మొదటి ఓడ ఆలస్యంగా చేరడంతో రెండోది వెళ్లిపోయింది, తరువాతి దాని కోసం ఆగింది. 15 వారాల లోడు జనవరి మొదట్లో ఆర్డరు పెట్టింది. ఫ్యాక్టరీ చైనా కొత్త సంవత్సరానికి మూసేసి, తెరిచాక పాత ఆర్డర్లన్నీ ముందు పూర్తి చేసింది. 16 వారాలది పోర్ట్ క్లాంగ్‌లో కనెక్షన్ తప్పిపోయి, చెన్నై చేరాక కస్టమ్స్ తనిఖీకి వెళ్లింది.

స్టాక్_రిజిస్టర్ | మంగళవారం, ఉదయం 9:40

ఎర్ర సముద్రం గొడవల వల్ల ఆలస్యాలు అని వార్తల్లో చదివాం. చైనా నుంచి చెన్నైకి వచ్చే దారి అటు పోదు కదా. అంటే మీ ఫార్వర్డర్ ఆ పేరు చెబితే అది సాకే.

సరుకు_సముద్రం | మంగళవారం, మధ్యాహ్నం 1:30

దారి అటు పోదన్నది నిజం. దెబ్బ మాత్రం తగులుతుంది. 2023 చివర నుంచి ఐరోపా ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా కింద నుంచి తిరిగి రావడం మొదలుపెట్టాయి. ప్రయాణం ఒకటి రెండు వారాలు పెరిగింది. వేళలు చెదిరిన ఓడలన్నీ ఒకేసారి గుంపుగా వచ్చి ఓడ మార్పిడి రేవుల్లో చేరాయి. 2024 మధ్యలో సింగపూర్, పోర్ట్ క్లాంగ్‌లలో రద్దీ అందుకే. అక్కడ ఓడ మారే చెన్నై కంటైనర్ కూడా ఆ వరుసలోనే నిలబడింది. ఎక్కడో చెదిరిన షెడ్యూలు మన కంటైనర్‌కు ఇలా తగులుతుంది. నేరుగా వచ్చే సర్వీసులో పెట్టిన సరుకుకు ఈ ఒక్క బెడద తప్పుతుంది.

మీ మూడు ఆలస్యాల్లో కొత్త సంవత్సరం వల్ల వచ్చినదాన్ని σL లో కలపకూడదు. అది ముందే తెలిసిన తేదీ. 2026లో ఫిబ్రవరి 17, 2027లో ఫిబ్రవరి 6. తెలిసిన సెలవును అనిశ్చితిగా లెక్కవేస్తే ఏడాది పొడవునా దానికి నిల్వ మోస్తాం. ఆ ఒక్క ఆర్డరును నవంబరుకు జరిపితే సరిపోతుంది. ఆ 15ను తీసేసి మళ్లీ లెక్కవేస్తే తేడా 2.6 నుంచి 2.3కి తగ్గుతుంది, సేఫ్టీ స్టాక్ 167 దగ్గరకు వస్తుంది.

ఇక నాకు నచ్చని విషయం చెప్పాలి, అది సూత్రం గురించే. మీ అంకెలను చూడండి. తొమ్మిది లోడ్లు 9 లేదా 10 వారాలు. మూడు లోడ్లు 14 నుంచి 16. మధ్యలో 11, 12, 13 అసలు లేవు. సగటు 11 వారాలు అంటున్నాం, కానీ 11 వారాల్లో వచ్చిన లోడు ఒక్కటీ లేదు. సూత్రం మాత్రం లీడ్ టైమ్‌లు సగటు చుట్టూ గుమికూడి ఉంటాయని అనుకుంటుంది. ఓడ దొరికితే ఒక కాలం, తప్పిపోతే మరో కాలం. ఇలాంటి చోట 95 శాతం అన్న మాటను నేరుగా నమ్మకూడదు.

పాత 12 లోడ్లనూ ఉన్నవి ఉన్నట్టే పెట్టి సరిచూడండి. ఆర్డరు పెట్టే స్థాయి 440 + 184 = 624. ఇందులో గోదాములో ఉన్నదే కాదు, ఇప్పటికే ఆర్డరు పెట్టి దారిలో ఉన్నదీ కలుస్తుంది. దారిలో ఉన్నదాన్ని వదిలేసి గోదాము చూసి కంగారుగా ఇంకో ఆర్డరు పెడితే, రెండూ ఒకేసారి వచ్చి దిగుతాయి. సరే, 10 వారాల లోడు వచ్చేలోగా 400 అమ్ముడవుతాయి, 224 మిగులుతాయి. తొమ్మిది లోడ్లలో సేఫ్టీ స్టాక్‌ను ముట్టుకోవలసిన పనే ఉండదు. 14 వారాలకు 560 పోతాయి, 64 మిగులుతాయి. 15 వారాలకు 600, అంచున ఉంటాం. 16 వారాలకు 640, అంటే 16 పెట్టెలు తక్కువ. అమ్మకాల తేడానూ కలిపి చూస్తే దాదాపు 12 లోడ్లకు ఒకసారి సరుకు నిండుకుంటుంది. అంటే 95 కాదు, 91, 92 శాతం దగ్గర.

జమాఖర్చు | మంగళవారం, సాయంత్రం 6:20

అలాగైతే తొమ్మిది లోడ్లలో పనికిరాని 184 పెట్టెలను ఎందుకు మోయాలి? 11 లక్షలు ఊరికే పడి ఉంటాయి. 120 చాలు. తక్కువ పడినప్పుడు చీమకుర్తి వైపు వ్యాపారుల దగ్గర కొనొచ్చు కదా?

మడికొండ_అబ్రేసివ్స్ | మంగళవారం, సాయంత్రం 6:55

కొనొచ్చు, వారంలో వస్తాయి. పెట్టెకు రూ. 7,500 దాకా అడుగుతారు.

సరుకు_సముద్రం | మంగళవారం, రాత్రి 9:15

అది లెక్క వేసి చూద్దాం, ఊహించడం దేనికి. 184 ఉంచితే మీ పాత లోడ్ల తీరులో 12 లోడ్లకు, అంటే రెండేళ్లకు దగ్గరగా, తక్కువ పడేవి 38 పెట్టెలు. ఏడాదికి 19. పెట్టెకు రూ. 1,500 అదనం చొప్పున సుమారు 29 వేలు. 120 ఉంచితే ఏడాదికి 72 పెట్టెలు బయట కొనాలి, అదనపు ఖర్చు 1 లక్షా 8 వేలు. అంటే 79 వేలు పెరిగింది. 64 పెట్టెలు తగ్గించినందుకు ఆదా అయ్యే వడ్డీ, 12 శాతం అనుకుంటే, 46 వేలు. ఈ ధరల్లో నిల్వ ఉంచడమే చవక.

మరి 250 ఉంచితే? వడ్డీ 47 వేలు పెరుగుతుంది. బయట కొనే 29 వేల ఖర్చు మొత్తం పోయినా కిట్టదు. కాబట్టి 95 శాతం అన్న పేరు తప్పయినా, 184 దగ్గర ఆగడం ఈ సరుకుకు సబబుగానే ఉంది. ధర తేడా రూ. 1,500 బదులు రూ. 500 అయితే జమాఖర్చు గారి మాట నెగ్గుతుంది. ఇలా రెండు ఖర్చులూ పక్కపక్కన పెట్టి చూడకుండా 95, 98 అని శాతం ముందే నిర్ణయించుకోవడం నాకు ఎప్పుడూ సరిగ్గా అనిపించలేదు.

జమాఖర్చు | మంగళవారం, రాత్రి 9:50

వడ్డీ లెక్క ఒప్పుకుంటాను. కానీ చాలా దుకాణాలకు అసలు అడ్డంకి వడ్డీ కాదు, బ్యాంకు ఇచ్చిన పరిమితి. ఆ పరిమితి నిండిపోయినవారికి 12 శాతం వడ్డీ అన్న మాటకు అర్థం లేదు. ఆ 4 లక్షలు ఇందులో ఉంటే తరువాతి ఆర్డరుకు అడ్వాన్సు ఇవ్వలేరు.

కరీంనగర్_స్లాబ్స్ | బుధవారం, ఉదయం 8:00

మేము ఈ బ్లాకులు వాడేవాళ్లం. మీ లెక్కలో మా వైపు ఖర్చు రాలేదు. లైన్ పాలిషర్‌లో ముతక గ్రిట్ నుంచి నునుపు గ్రిట్ దాకా తలలు వరుసగా ఉంటాయి. మధ్యలో ఒక్క గ్రిట్ లేకపోతే, ముందు తల వదిలిన గీతలను తరువాతి తల తీయలేదు. మిగతావన్నీ ఉన్నా లైను ఆగిపోతుంది. టాన్ బ్రౌన్ లాంటి ముదురు రాయిలో గీత ఉంటే దూరం నుంచి కూడా కనిపిస్తుంది, పలక తిరిగి వస్తుంది.

ఇంకొకటి. చీమకుర్తి నుంచి తెచ్చిన వేరే కంపెనీ 120 బ్లాకును మీ 60కీ 220కీ మధ్య పెడితే ఒక్కోసారి కుదరదు. అరుగుదల వేగం వేరు, మెరుపు వేరు. రూ. 1,500 ఇస్తే సరిపోతుందని లెక్కవేయడం మాకు న్యాయం కాదు.

సరుకు_సముద్రం | బుధవారం, ఉదయం 11:20

ఇది చాలా ముఖ్యమైన మాట, లెక్కను మారుస్తుంది. బదులు సరుకు పూర్తి బదులు కానప్పుడు కొరత ఖరీదు రూ. 1,500 కంటే ఎక్కువ, అప్పుడు 184 కంటే పైకి వెళ్లడం కూడా సమంజసం కావచ్చు. ఎంత పైకి అన్నది ఆగిన లైను గంటకు మీకు ఎంత నష్టమో తెలిస్తేనే చెప్పగలం. పైగా గ్రిట్లన్నీ ఒకే కంటైనర్‌లో వస్తాయి. కనెక్షన్ తప్పితే అన్నీ కలిసే ఆలస్యమవుతాయి. ఒక గ్రిట్ తక్కువైతే మరొకటి ఆదుకునే వీలు లేదు. అందుకని అన్ని గ్రిట్లకూ ఒకే వారాల భద్రత ఉండాలి. 120కి నాలుగున్నర వారాలు ఉంచి 220కి రెండు వారాలు ఉంచితే, ఆ రెండు వారాలే మీ అసలు భద్రత.

హార్బర్_పత్రాలు | బుధవారం, మధ్యాహ్నం 2:40

నిల్వ ఎంత అన్నదానికంటే ముందు, ఆలస్యం ఎప్పుడు తెలుస్తుందో చూడండి. కంటైనర్ నంబరుతో షిప్పింగ్ లైన్ వెబ్‌సైట్‌లో సింగపూర్ కనెక్షన్ ఓడ పేరు కనిపిస్తుంది. ఆ ఓడ పేరు మారిందంటే మీ కంటైనర్‌కు కనెక్షన్ చాలావరకు తప్పినట్టే. సరుకు చెన్నై చేరే గడువుకు ముందే ఈ సంగతి తెలుస్తుంది. వారానికి రెండుసార్లు చూడటం చాలు. కరీంనగర్ వారి మాట ప్రకారం బయటి బ్లాకులు కొనాల్సి వస్తే, 60, 120, 220 కలిపి ఒకే కంపెనీవి తెచ్చుకునేందుకు ఆ వ్యవధి పనికొస్తుంది. చివరి రోజున పరుగెత్తితే దొరికింది తెచ్చుకోవాలి.

రేవులో పోయే రోజుల గురించి. తనిఖీకి ఏ కంటైనర్ వెళుతుందన్నది మన చేతిలో లేదు. కానీ తనిఖీ లేని కంటైనర్లు కూడా పత్రాల కోసం పడి ఉండటం రోజూ చూస్తాను. సరుకు విడిపించుకునేందుకు కావాల్సిన అసలు బిల్ ఆఫ్ లేడింగ్ ఇంకా కొరియరులో ఉంటుంది, లేదా ఇన్వాయిస్‌లో ఒక వివరం, ప్యాకింగ్ లిస్టులో మరొకటి ఉంటుంది. అమ్మకందారుతో మాట్లాడి బిల్లును సరెండర్ చేయించుకుంటే కాగితం కోసం ఎదురుచూడక్కరలేదు. కస్టమ్స్‌కు ఇచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీ ఓడ రాకముందే దాఖలు చేయాలి. చట్టం 2021లోనే ఆ గడువును ఓడ వచ్చే ముందు రోజుకు మార్చింది, ఆలస్యమైతే రోజువారీ రుసుము పడుతుంది.

స్టాక్_రిజిస్టర్ | బుధవారం, సాయంత్రం 5:30

నా 600 ఎక్కువేనని అర్థమైంది. కానీ 12 లోడ్లు చాలా తక్కువ ఆధారం. రేపు 20 వారాల లోడు వస్తే? 2021 మార్చిలో సూయజ్‌లో ఎవర్ గివెన్ అడ్డంగా ఇరుక్కుంటుందని ఎవరి రిజిస్టరులో ఉంది?

సరుకు_సముద్రం | బుధవారం, రాత్రి 8:30

ఎవరి రిజిస్టరులోనూ లేదు, మీ సందేహం న్యాయమైనదే. 12 లోడ్లతో అరుదుగా వచ్చే భారీ ఆలస్యాల సంగతి తెలియదు. నేనైతే 20 వారాల లోడుకు సరుకు ఉంచను. 184 ఉన్నా దానికి 176 పెట్టెలు తక్కువ పడతాయి, ఆ కొరతను గోదాముతో కొనడం దండగ. అలాంటిదానికి బయటి సరఫరాదారు, ముందస్తు కబురు ఉండాలి. మీరు 20 వారాలకూ నిల్వే ఉంచాలంటారు. ఈ ఒక్క విషయంలో మనకు పొసగదేమో.

మడికొండ_అబ్రేసివ్స్ | గురువారం, ఉదయం 9:00

అందరికీ కృతజ్ఞతలు. ప్రస్తుతానికి ఇలా అనుకుంటున్నాను. ఆర్డరు స్థాయి 624, దారిలో ఉన్న సరుకుతో కలిపి. అన్ని గ్రిట్లకూ ఒకే వారాల భద్రత. జనవరి ఆర్డరు నవంబరుకు జరుపుతాను. ప్రతి లోడుకూ నాలుగు తేదీలు రాస్తాను: ఫ్యాక్టరీ నుంచి బయలుదేరినది, ఓడ ఎక్కినది, చెన్నైలో దిగినది, గోదాముకు చేరినది. చీమకుర్తి వ్యాపారి దగ్గర మూడు గ్రిట్ల నమూనా తెప్పించి కరీంనగర్ వారికి పంపుతాను.

నేరుగా వచ్చే సర్వీసుకు అద్దె ఎంత ఎక్కువో అడిగాను, ఇంకా జవాబు రాలేదు. ఆ అదనపు అద్దె కంటే 184కీ 119కీ మధ్య ఉన్న 65 పెట్టెల వడ్డీ ఎక్కువా తక్కువా అన్నది ధర తెలిశాక చూస్తాను.

హార్బర్_పత్రాలు | గురువారం, ఉదయం 10:15

సర్వీసు ధరతో పాటు షియామెన్‌లో ఆ ఓడ వారానికి ఒకసారి వస్తుందా, రెండు వారాలకు ఒకసారా అని కూడా అడగండి. రెండు వారాలకు ఒకటైతే, మీ ఫ్యాక్టరీ ఒక్క రోజు ఆలస్యం చేసినా రెండు వారాలు పోతాయి. అప్పుడు σL మీరనుకున్నట్టు 1.5కి దిగదు.

కరీంనగర్_స్లాబ్స్ | గురువారం, ఉదయం 11:05

నమూనాలు పంపండి. టాన్ బ్రౌన్ మీదే ఆడించి, పలక ఫోటోలతో ఇక్కడే రాస్తాను.